నాగావళి నీళ్ల రిపోర్టు: చోటును బట్టి పంచుకోవాలా, పనిని బట్టా?

శ్రీకాకుళంలో నాగావళి నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో వింక్లర్ పద్ధతిలో చూడమని ఇద్దరికి కలిపి ప్రాజెక్టు ఇచ్చారనుకోండి. ఊరికి ఎగువన ఒక చోట, దిగువన ఒక చోట నీళ్లు పట్టాలి. బయల్దేరే ముందే ల్యాబ్ జోడీకి మెయిల్ పెట్టి పని పంచుకోవాలి. చాలామంది రాసేది ఒకటే: "ఎగువ నాది, దిగువ నీది. ఎవరి లెక్కలు వాళ్లవి, ఎవరి పేజీలు వాళ్లవి."

వినడానికి న్యాయంగానే ఉంటుంది గానీ, డేటాకి మాత్రం ఇది చేటు. టైట్రేషన్‌లో నీలం రంగు పూర్తిగా పోయేదాకా ఒకరు చూస్తారు, లేత నీలం ఉండగానే ఇంకొకరు ఆపేస్తారు. 200 మిల్లీలీటర్ల నీటికి 0.025 నార్మల్ థయోసల్ఫేట్ వాడితే, బ్యూరెట్‌లో దిగిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్‌తో సమానం. ఎగువ నీటికి నాకు 6.8 వచ్చింది, దిగువ నీటికి నీకు 5.8 వచ్చింది అనుకుందాం. తేడా 1.0. నువ్వు 0.3 ముందే ఆపే మనిషివైతే నిజమైన తేడా 0.7 మాత్రమే. మిగతాది నది చేసింది కాదు, మన కళ్లు చేసింది. రిపోర్టులో ఆ రెంటినీ విడదీసే దారే ఉండదు.

అందుకే నా ఓటు రెండో పద్ధతికి. ప్రతి చోటా రెండేసి సీసాలు పట్టి, ఇద్దరం చెరొకటి టైట్రేట్ చేయాలి. అప్పుడు నాకు 6.8, 6.1 వస్తే నీకు 6.5, 5.8 వస్తాయి. ఎవరి వరసలో చూసినా తేడా 0.7. మెయిల్‌లో ఇలా రాస్తే చాలు:

"రెండు చోట్లా సీసాలు నింపడం, మందులు కలపడం నేను చేస్తాను. సీసాలో గాలి బుడగ చిక్కితే రీడింగ్ పెరుగుతుంది, అది అక్కడున్నవాళ్లకే తెలుస్తుంది కాబట్టి 'పద్ధతి' భాగం కూడా నేనే రాస్తాను. నోట్‌బుక్ నీ దగ్గర ఉంచు, పట్టికలూ గ్రాఫూ నీవి. నీలం మొదటిసారి పోగానే ఇద్దరం ఆపుదాం, కాసేపటికి రంగు తిరిగొచ్చినా వదిలేద్దాం. నీ లెక్కలు నేను, నా భాగం నువ్వు చూడాలి."

ఈ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. ఒకరు ఆగితే ఇంకొకరి పనీ ఆగుతుంది. చోటును బట్టి పంచుకుంటే ఆ గొడవ ఉండదు. అందుకని గడువు ఒక్కటే పెట్టకూడదు. సోమవారం నీళ్లు పడితే ఆ సాయంత్రానికే టైట్రేషన్ ముగించి, నోట్‌బుక్ పేజీ ఫోటో ఇద్దరి దగ్గరా ఉండాలి. బుధవారానికి పట్టికలు, శుక్రవారానికి గ్రాఫు. 'చర్చ' భాగం పట్టికలు సరిచూశాకే మొదలుపెట్టాలి, దాన్ని శనివారం ఇద్దరూ కలిసి రాయాలి.