3:10కి అన్నీ మూసేయడం: బ్రోకర్‌కి వదలాలా, చేత్తో కొట్టాలా, స్క్రిప్ట్ పెట్టాలా?

శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని ఇంట్రాడే చేసే నాకు మధ్యాహ్నం మూడు దాటితే ఒకటే టెన్షన్. మార్కెట్ 3:30కి మూస్తారు. నా బ్రోకర్ 3:20కి ఇంట్రాడే పొజిషన్లు తనే కోసేస్తాడు, ఈ టైము బ్రోకర్‌ని బట్టి మారుతుంది. అందుకే లాభమైనా నష్టమైనా 3:10కి అన్నీ సున్నా చేయాలని నియమం పెట్టుకున్నాను. ఆ పని ఎవరు చేయాలన్నదే ప్రశ్న.

బ్రోకర్‌కి వదిలేయడం అన్నిటికన్నా తేలిక, కానీ నాకు నచ్చదు. అతని ఆర్డరు మార్కెట్ ఆర్డరు, అదే నిమిషంలో ఇంకెంతోమందివీ వెళ్తాయి. వాల్యూమ్ తక్కువున్న షేరులో దొరికే ధర చూస్తే బాధేస్తుంది. పైగా నా బ్రోకర్ ఆర్డరుకి 50 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 59 వసూలు చేస్తాడు. దీన్ని ఆఖరి అడ్డుగోడగా ఉంచుకోవాలంతే.

చేత్తో మూస్తే ధర మన చేతిలో ఉంటుంది. ప్రమాదమంతా పెండింగ్‌లో ఉన్న స్టాప్‌లాస్ దగ్గర. ఒకరోజు 412 దగ్గర 200 షేర్లు కొన్నాను. ధర పెరిగేకొద్దీ స్టాప్‌లాస్‌ని 413కి జరుపుకుంటూ వచ్చాను. 3:10కి 414.60 దగ్గర అమ్మేసి, 520 రూపాయలు వచ్చాయనుకుని టీ పెట్టుకోవడానికి లేచాను. స్టాప్‌లాస్ ఆర్డరు మాత్రం అలాగే బతికుంది. 3:17కి ధర 413 తాకింది, నా దగ్గర లేని 200 షేర్లు అమ్ముడైపోయాయి. అంటే నాకు తెలియకుండానే కొత్త షార్ట్ మొదలైంది. 3:20కి బ్రోకర్ దాన్ని 413.80కి కొని మూశాడు. అక్కడ 160 పోయింది, ఛార్జీ 59. మామూలు బ్రోకరేజీ, పన్నులు తీయకముందే 520 కాస్తా 301 అయింది.

అప్పటినుంచి వరస మార్చలేదు. ముందు పెండింగ్ ఆర్డర్లన్నీ రద్దు చేస్తాను. రద్దయ్యాయని ఆర్డర్ల పేజీలో చూశాకే పొజిషన్ల పేజీకి వెళ్తాను. అక్కడ కనిపించే సంఖ్యకే ఎదురు ఆర్డరు పెడతాను, నాకు గుర్తున్న సంఖ్యకి కాదు. ఎందుకంటే లిమిట్ ఆర్డరులో 200కి 140 మాత్రమే అమ్ముడై, 60 మిగిలిపోవచ్చు. చివరగా రెండు పేజీలూ మళ్లీ తెరిచి చూస్తాను. మధ్యలో ఒకటి రెండు నిమిషాలు స్టాప్‌లాస్ లేకుండా ఉంటాం, నిజమే. ఆ మాత్రం భరించవచ్చు.

స్క్రిప్ట్ ఇదే వరసని మరుపు లేకుండా చేస్తుంది. అయితే దాన్ని ఇంటి కంప్యూటర్లో నడిపితే, వానాకాలం సాయంత్రం కరెంటూ నెట్టూ కలిసి పోయిన రోజున అదీ పడుకుంటుంది. అందుకే అద్దె క్లౌడ్ మెషీన్ మీద పెట్టాను. ఏపీఐ ద్వారా ఆర్డర్లు పెట్టాలంటే స్టాటిక్ ఐపీ ఉండాలని సెబీ 2025లో తెచ్చిన నియమానికీ అది సరిపోయింది.

అక్కడా ఒక చిక్కుంది. చాలా క్లౌడ్ మెషీన్ల గడియారం యూటీసీలో ఉంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. చెప్పిన టైముకి స్క్రిప్ట్‌ని నడిపే క్రాన్‌లో 15:10 అని రాస్తే అది మన రాత్రి 8:40కి నడుస్తుంది. రాయాల్సింది ఇలా:

```
40 9 * * 1-5
```

ఇంకో తప్పు ఇంతకంటే ఖరీదైనది. ఆర్డరు వెళ్లింది కానీ జవాబు రాలేదు. స్క్రిప్ట్ మళ్లీ పంపితే 200 బదులు 400 అమ్ముడవుతాయి. ప్రతిసారీ పంపేముందు ఆర్డర్లనీ పొజిషన్లనీ మళ్లీ చదివించాలి. పాత ఆర్డరు ఇంకా తెరిచి ఉంటే కొత్తది పంపకూడదు.

కాబట్టి రోజుకి ఒకటి రెండు ట్రేడ్లు చేసేవాళ్లకి చేత్తో మూయడమే మేలంటాను. మూడు నాలుగు షేర్లు ఒకేసారి నడిపేవాళ్లకి స్క్రిప్ట్ మేలు. నాది రెండో రకం. 3:10కి స్క్రిప్ట్ నడుస్తుంది, 3:12కి ఫోన్‌లో పొజిషన్లు చూస్తాను, సున్నా కాకపోతే చేత్తో మూస్తాను.

ఈ మూడూ పనికిరాని సందర్భం ఒకటుంది. షార్ట్ చేసిన షేరు ఆ రోజుకి అనుమతించిన గరిష్ఠ ధర దగ్గర, అంటే అప్పర్ సర్క్యూట్‌లో, ఇరుక్కుంటే అమ్మేవాడే ఉండడు, ఎవరు ఆర్డరు పెట్టినా కొనలేం. షేర్లు ఇవ్వలేకపోతే ఎక్స్ఛేంజ్ ఆక్షన్‌లో కొని, ఆ ధర మన మీద వేస్తుంది. కొన్నదైతే డబ్బుంటే డెలివరీకి మార్చుకోవచ్చు, షార్ట్‌కి ఆ దారి లేదు. అందుకే రోజుకి 5 శాతానికి మించి కదలనివ్వని బ్యాండ్ ఉన్న షేర్లని నేను షార్ట్ చేయను. 10 శాతం బ్యాండ్ వాటిలో షార్ట్ ఉంటే 3:10 దాకా ఆగకుండా 2:30కే మూసేస్తాను.