చార్జర్ కొన్నాను, పోయింది బ్యాటరీ: ఐదేళ్ల లాప్‌టాప్‌తో నా అనుభవం

మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువుల మేత లెక్కలు, కూలీల చెల్లింపులు అన్నీ 2020లో కొన్న లాప్‌టాప్‌లోనే రాస్తాను. నాలుగేళ్లు అది పేచీ పెట్టలేదు. ఆ తర్వాత గట్టు మీది రేకుల షెడ్డులో కరెంటు పోయినప్పుడల్లా ఒకటే తంతు. బ్యాటరీ ఇంకా 30 శాతం ఉందని చూపిస్తుండగానే తెర నల్లబడిపోయేది. కరెంటు వచ్చాక ప్లగ్గు పెడితే మునుపటి కంటే చాలా తొందరగా 100కి చేరేది. ఇంత చురుగ్గా నిండుతోంది కాబట్టి బ్యాటరీ బాగానే ఉందని, లోపం చార్జర్‌దేనని నాకు నేనే తీర్పు చెప్పుకుని 1,800 రూపాయలతో కొత్త చార్జర్ తెచ్చాను. ఏ మార్పూ లేదు.

తొందరగా నిండడమే జబ్బు లక్షణమని అప్పటికి తెలియదు. బిందె చెంబంత అయిపోతే నిండడానికి ఎంతసేపు?

ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయన చెప్పిన మీదట విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ ఆదేశం ఇచ్చి చూశాను:

```
powercfg /batteryreport
```

దీంతో ఒక నివేదిక తయారై, అది ఎక్కడ ఉందో తెర మీదే కనిపిస్తుంది. ఆరోగ్య శాతం అందులో నేరుగా ఉండదు, మనమే లెక్కకట్టాలి. నా దాంట్లో DESIGN CAPACITY 41,040 mWh. అంటే కొత్తలో పట్టాల్సిన శక్తి. FULL CHARGE CAPACITY, అంటే ఇప్పుడు పట్టేది, 23,800 mWh. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 58 శాతం.

నన్ను తికమక పెట్టింది CYCLE COUNT. 187 మాత్రమే ఉంది. మొత్తం మీద 100 శాతం వాడితే ఒక సైకిల్. ఈరోజు సగం, రేపు సగం వాడినా ఒకటే. చాలా లాప్‌టాప్ బ్యాటరీలను 300 నుంచి 500 సైకిళ్ల వరకు వస్తాయని అంచనా వేసి చేస్తారు. మరి 187కే ఇలా ఎందుకైంది? "బ్యాటరీ వాడి పాడుచేయలేదు బాబూ, వాడకుండా పాడుచేశారు" అన్నాడు పెద్దాయన. నిజమే. రోజంతా ప్లగ్గులోనే, 100 శాతం దగ్గరే ఉండేది. పైన వేసవిలో రేకుల వేడి. నిండుగా ఉన్న లిథియం బ్యాటరీ వేడిలో ఊరికే కూర్చున్నా ముసలిదవుతుంది. ఆ నష్టం సైకిళ్ల లెక్కలోకి రాదు.

58 శాతం ఉన్నా నా పనికి రెండున్నర గంటలు రావాలి. 23,800 mWh అంటే 23.8 వాట్-గంటలు, ఈ లాప్‌టాప్ గంటకు సుమారు 9 వాట్-గంటలు తింటుంది. అయినా గంటా యాభై నిమిషాలకే ఆగిపోయేది. ముసలి బ్యాటరీలో లోపలి నిరోధం పెరుగుతుంది. పని బరువు పడగానే వోల్టేజి ఒక్కసారిగా జారిపోతుంది, శాతం ఎంత చూపించినా యంత్రం ఆగిపోతుంది. అందుకే శాతం ఒక్కటే చూసి బాగుందని నమ్మకూడదు.

చార్జర్‌దే తప్పయితే తీరు వేరుగా ఉంటుంది. ప్లగ్గులో ఉండగానే శాతం తగ్గుతుంది, లేదా తీగ కదిపితే చార్జింగ్ గుర్తు వచ్చి పోతుంటుంది. మా ఉప్పుగాలికి పిన్ను పచ్చగా చిలుమెక్కడం కూడా చూశాను. నా పాత చార్జర్‌తో మాత్రం లాప్‌టాప్ రోజంతా నిక్షేపంగా నడిచింది. అదొక్కటి గమనించినా 1,800 మిగిలేవి. కొనేముందు అదే వోల్టేజి ఉండి, వాట్లు తగ్గని మరో చార్జర్‌ను ఎవరినైనా అడిగి తెచ్చి అరగంట పెట్టి చూడడం ఉత్తమం. వాట్లు చార్జర్ మీదే తెలుస్తాయి: 19.5 వోల్టులను 3.33 ఆంపియర్లతో గుణిస్తే సుమారు 65 వాట్లు.

వెనుక మూత విప్పితే బ్యాటరీ కాస్త ఉబ్బి ఉంది. కొన్ని వారాలుగా టచ్‌ప్యాడ్ గట్టిగా నొక్కితేనే పలికేది ఇందుకే. ఉబ్బిన తర్వాత శాతాలతో పని లేదు, ఆ రోజే తీసేయాలి. దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, చెత్తకుండీలో వేయకూడదు.

అదే మోడల్ బ్యాటరీ 3,400 రూపాయలైంది. కొన్ని నాసిరకం బ్యాటరీలు నివేదికలో అబద్ధపు అంకెలు చూపిస్తాయి కాబట్టి మొదటి రోజే గడియారం పెట్టుకుని నడిపించాను. నాలుగు గంటల పదిహేను నిమిషాలు వచ్చింది. ఇప్పుడు 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగేలా పెట్టాను, వేసవిలో షెడ్డులో వదలడం మానేశాను. 14 నెలల తర్వాత FULL CHARGE CAPACITY 38,600, అంటే 94 శాతం. రాత్రి ఏరియేటర్ల కరెంటు పోయినప్పుడు లెక్క మధ్యలో ఆగిపోవడం ఒక్కసారి కూడా జరగలేదు.

అనవసరంగా కొన్న చార్జర్ షెడ్డులో ఉంది, పాతది ఇంట్లో. అటూ ఇటూ మోసుకెళ్లే పని మాత్రం తప్పింది.