మిల్లు లెక్కల మధ్య పదకొండు నెలల ఎల్-థియనిన్

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. వడ్ల సీజన్‌లో కాంటా చీటీ చూసి ఎంట్రీ కొడుతుంటే ఫోన్ మోగుతుంది. మాట్లాడి వచ్చేసరికి ఏ లారీ దగ్గర ఆగానో మర్చిపోతాను. అందుకని రోజుకు ఆరేడు టీలు, మధ్యలో రెండు కాఫీలు. సాయంత్రానికి చేతులు వణికేవి, ఊరికే టెన్షన్.

పదకొండు నెలల కింద అవన్నీ మానేసి, పొద్దున పదింటికి 100 మి.గ్రా. కెఫీన్ మాత్ర, 200 మి.గ్రా. ఎల్-థియనిన్ క్యాప్సూల్ మొదలుపెట్టాను. ఎక్కువమంది వాడే లెక్క ఇదే, ఒకటికి రెండు. థియనిన్ అంటే తేయాకులో ఉండే ఒక అమైనో ఆమ్లం, కెఫీన్ తెచ్చే వణుకు, టెన్షన్ తగ్గిస్తుందని దాంతో కలిపి వేసుకుంటారు. తేయాకులోనిదే అయినా, కప్పు టీలో ఉండేది చాలా తక్కువ. 200 మి.గ్రా. కావాలంటే కప్పుల మీద కప్పులు తాగాలి.

నెలలోపే వణుకు పోయింది, ఎంట్రీల్లో తప్పులు తగ్గాయి. థియనిన్ మహిమే అనుకుని నలుగురికి చెప్పాను కూడా.

తర్వాత పరిశోధనలు చదివాను. 2008లో 27 మందికి 50 మి.గ్రా. కెఫీన్, 100 మి.గ్రా. థియనిన్ కలిపి ఇచ్చారు. గంట తర్వాత, ఒక పని నుంచి ఇంకో పనికి మారే పరీక్షలో వేగం, కచ్చితత్వం రెండూ కాస్త మెరుగయ్యాయి. అచ్చం నా ఫోన్-ఎంట్రీ బాధే కదా అని సంబరపడ్డాను. కానీ కెఫీన్ ఒక్కటే ఇచ్చినప్పుడు కూడా గంటన్నరకు ఆ పరీక్షలో కచ్చితత్వం పెరిగింది. పైగా అవి ఒక్కపూట పరీక్షలు. నెలల తరబడి వాడితే ఏమవుతుందో వాటితో తేలదు. అదే ఏడాది ఇంకో పరీక్షలో 250 మి.గ్రా. కెఫీన్‌కు 200 మి.గ్రా. థియనిన్ జతచేస్తే, కెఫీన్ వల్ల పెరిగే బీపీని అది అడ్డుకుంది గానీ వణుకును మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు.

అక్కడ అనుమానం వచ్చింది. మరి నా వణుకు దేనివల్ల పోయినట్టు?

మా ఆవిడతో పది క్యాప్సూళ్లు విప్పించి, మందు తీసేసి బియ్యప్పిండి నింపించాను. ఇరవై పనిరోజులు, పది అసలువి, పది పిండివి. ఏ రోజు ఏదో ఆమె చీటీలో రాసుకుంది. కెఫీన్ మాత్ర మాత్రం రోజూ మామూలే. సాయంత్రం 'ఇవాళ అసలుదా, పిండా' అని నేను చెప్పాలి. ఇరవైలో పదకొండు సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. తప్పుల లెక్కలోనూ తేడా లేదు. వణుకు పిండి రోజుల్లోనూ రాలేదు. ఒక్కడి మీద ఇరవై రోజులు చేసింది రుజువేం కాదులెండి, నా జేబుకు మాత్రం చాలు.

ఇప్పుడు నాకనిపించేది, ఆ తొమ్మిది కప్పుల కెఫీన్‌ను ఒక్క మాత్రకు దించడమే పనిచేసింది. సాయంత్రం నాలుగింటి టీ పోవడంతో నిద్ర కూడా కుదిరింది. కెఫీన్ సగం దిగడానికే అయిదారు గంటలు పడుతుంది మరి.

థియనిన్ వల్ల నాకు చెడేమీ జరగలేదు. బీపీ మందులు వేసుకునేవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. కొనేవాళ్లు డబ్బా వెనక థియనిన్ ఎంత, కెఫీన్ ఎంత అని విడివిడిగా రాసి ఉందో లేదో చూడండి. నా మొదటి డబ్బా మీద అన్నీ కలిపి ఒకే అంకె ఉంది, దాన్ని వాడకుండానే పారేశాను.

ఈ డబ్బాలో ఇంకా పద్నాలుగు ఉన్నాయి. అయిపోయాక మళ్లీ కొనను. కెఫీన్ మాత్ర కొనసాగిస్తాను.