అసిటోన్‌కు నీళ్లు కలిపితే ఒకటి, సయనైడ్ కలిపితే ఇంకొకటి

రెండు చర్యల్లోనూ దాడి జరిగేది కార్బోనిల్ కార్బన్ మీదే, అంటే ఆక్సిజన్‌తో ద్విబంధం ఉన్న కార్బన్ మీదే. నీరు కలిస్తే హైడ్రేట్, హైడ్రోజన్ సయనైడ్ (HCN) కలిస్తే సయనోహైడ్రిన్ వస్తాయి.

అసిటోన్‌ను నీళ్లలో కలిపితే హైడ్రేట్‌గా మారేది దాదాపు 0.1 శాతమే. అయినా అది ఏర్పడుతోందని చెప్పగలం: ఆక్సిజన్-18 ఉన్న నీటిలో ఉంచితే ఆ ఆక్సిజన్ అసిటోన్‌లోకి చేరుతుంది. అదే అసిటోన్ HCNతో మాత్రం విడిగా తీయగలిగేంత సయనోహైడ్రిన్ ఇస్తుంది. కొత్తగా ఏర్పడే కార్బన్-కార్బన్ బంధం అంత గట్టిది.

ఇప్పుడు అసిటోన్ పక్కన క్లోరల్‌ను, అంటే CCl₃CHOను, పెట్టి చూడండి. అసిటోన్‌లోని రెండు మిథైల్ సమూహాలు కార్బోనిల్ కార్బన్‌కు ఎలక్ట్రాన్లు అందించి దాని ధనావేశాన్ని తగ్గిస్తాయి, చోటు కూడా ఇరుకు చేస్తాయి. క్లోరల్‌లో మూడు క్లోరిన్లు ఎలక్ట్రాన్లను లాగేస్తాయి, కార్బన్ మరింత ధనాత్మకమవుతుంది. అందుకే క్లోరల్ నీటిని పట్టుకుని వదలదు, హైడ్రేట్ స్ఫటికాలుగానే దొరుకుతుంది. విద్యార్థులు ఇక్కడ వేగం గురించే ఆలోచిస్తారు. కానీ సమతాస్థితి కూడా మారిందని గమనించాలి.

సయనోహైడ్రిన్‌కు pH ముఖ్యం. దాడి చేసేది సయనైడ్ అయాన్ CN⁻, ఆమ్లం ఎక్కువైతే అది HCNగానే ఉండిపోతుంది, కాబట్టి చర్య నత్తనడక నడుస్తుంది. తయారయ్యాక మాత్రం క్షారమే శత్రువు, అది సయనోహైడ్రిన్‌ను విడగొట్టి ప్రాణాంతకమైన సయనైడ్‌ను విడుదల చేస్తుంది. అందుకే అసిటోన్ సయనోహైడ్రిన్‌ను స్వేదనం చేసేముందు కొద్దిగా ఆమ్లం కలుపుతారు.