డాడో గాడి మీద నిలబడ్డ మెట్ల స్టూలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఈ స్టూలులో నాకు బాగా నచ్చింది దాని గాడి. పక్కపలకకు లోపలివైపు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా తవ్విన గాడిలో మెట్టు చెక్క కొస కూర్చుంటుంది. దీన్నే డాడో అంటారు. మెట్టు మీద నిలబడ్డ మనిషి బరువంతా ఆ గాడి కింది అంచు మీదికి, అక్కణ్ణించి పక్కపలక గుండా నేలకు దిగిపోతుంది. బెంగళూరులోని మా ఫ్లాట్ వంటింట్లో కొన్నేళ్లుగా రోజూ తొక్కుతున్నాం. గాడి మీద నా నమ్మకం ఇసుమంత కూడా తగ్గలేదు. జిగురు, స్క్రూల విషయంలో మాత్రం మొదట్లో అందరికీ చెప్పినంత ధీమాగా ఇప్పుడు చెప్పలేను.

స్టూలు ఆకారం అందరికీ తెలిసిందే కాబట్టి కొలతల జోలికి పోను. మైసూరు రోడ్డులోని టింబర్ యార్డ్ లేఅవుట్‌లో కొన్న సిల్వర్ ఓక్ చెక్క ఇది. కొడగు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే చెట్టు, టేకు కంటే చవక. చిత్రిక పట్టించాక 20 మి.మీ. మందం తేలింది. గాడి లోతు 7 మి.మీ., అంటే పలక మందంలో మూడో వంతు. అంతకన్నా లోతుకు పోతే పక్కపలకే బలహీనపడుతుంది.

గాడి వెడల్పును టేపుతో కొలవకూడదు. మూలమట్టం పెట్టి ముందు ఒక గీత గీయాలి, పెన్సిలుతో కాకుండా చాకు మొనతో. ఆ గీతకు ఆనించి మెట్టు చెక్కనే నిలబెట్టి, దాని రెండో వైపు చాకు ఆడిస్తే రెండో గీత వస్తుంది. మన చెక్క అసలు మందం ఎంతో అంతే వెడల్పు పడుతుంది. తర్వాత గీతలకు ఒక వెంట్రుక వాసి లోపలగా రంపంతో రెండు కోతలు కోసి, మధ్య చెక్కను ఉలితో తీసేయాలి. ఉలి ఒక అంచు నుంచి సగం దాకా, మళ్లీ అవతలి అంచు నుంచి సగం దాకా నడవాలి. ఒకే వైపు నుంచి కొట్టుకుంటూ పోతే అవతలి అంచు చీలి ఊడి వస్తుంది. గాడి అడుగు అంతటా ఒకే లోతులో ఉందో లేదో చూడటానికి ఒక చిన్న చెక్కముక్కకు స్క్రూ ఎక్కించి, మొన సరిగ్గా 7 మి.మీ. బయటికి ఉంచాను. ఆ ముక్కను గాడి మీద జరుపుతుంటే, ఎత్తుగా మిగిలిన చోటల్లా మొన గీసుకుంటుంది. గీత పడిన చోట ఉలితో ఇంకాస్త తీస్తే సరి.

బిగువు చూసే పద్ధతి కూడా తేలికే. మెట్టును గాడిలో పెట్టి అరచేత్తో నొక్కితే దిగాలి. పక్కపలకను పైకెత్తి తలకిందులు చేసినా మెట్టు జారిపోకూడదు. సుత్తి దెబ్బ వేస్తేగానీ దిగట్లేదంటే మరీ బిగువు. జిగురు రాసి దించేటప్పుడు ఆ జిగురంతా పైకి గీకుకుపోతుంది, పైగా జిగురులోని నీటికి చెక్క ఉబ్బి మధ్యలోనే ఇరుక్కుంటుంది. వదులుగా ఉన్నా కష్టమే. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పల్చటి పొరగా ఉంటేనే గట్టిది, సందును నింపి బలం ఇవ్వలేదు.

జిగురు రాశాక ఒక్కో వైపు మూడు స్క్రూలు, 8 నంబరు, 50 మి.మీ. పొడవువి, బయటి నుంచి వేశాను. పక్కపలకలో స్క్రూ వదులుగా జారే రంధ్రం, మెట్టు కొసలో అంతకన్నా సన్న రంధ్రం. అలా ఉంటేనే స్క్రూ రెండు చెక్కల్నీ దగ్గరికి లాగుతుంది. రెండింట్లోనూ మర పట్టుకుంటే మధ్యలో సందు అలాగే ఉండిపోతుంది. మెట్టు కింద వెనక అంచు పొడవునా 6 సెం.మీ. వెడల్పు పట్టీ ఒకటి అంచు మీద నిలబెట్టి అంటించి, దాని రెండు కొసలకూ పక్కపలకల నుంచి ఒక్కో స్క్రూ వేశాను. స్టూలు పక్కకు ఊగకుండా ఆపేది ఈ పట్టీయే.

మొదటి ఏడాదంతా దీన్ని పొగడని రోజు లేదు. గాడి, జిగురు, స్క్రూ మూడూ కలిస్తే ఇక కదలదని చుట్టాలకూ స్నేహితులకూ చెప్పాను. తర్వాతి ఉగాది ముందు, అటక మీది సామాను దించి దులుపుతుంటే, మా ఆవిడ అంది: "ఏమండీ, ఎడమ కాలు పెడితే మెట్టు కిర్రుమంటోంది." నేనూ ఎక్కి చూశాను. ఎడమ వైపు ముందు మూలలో సన్నగా, ప్రతి అడుగుకీ ఒకే చోట చప్పుడు.

గాడి పక్కపలక ముందు అంచు దాకా తవ్వి ఉంటుంది కాబట్టి, ముందు నుంచి చూస్తే అతుకు మొత్తం కనిపిస్తుంది. మెట్టు పై ముఖానికీ గాడి పై అంచుకూ మధ్య సన్నటి నల్ల గీత కనిపించింది. సరుకుల బిల్లు కాగితం ఒకటి తెచ్చి దూర్చాను. సులువుగా దూరింది, మడత పెట్టినా దూరింది. కింది వైపు మాత్రం కాగితం అంచు కూడా పట్టలేదు. మెట్టు గాడి కింది అంచు మీద నిండుగా కూర్చునే ఉంది. పైవైపు జిగురు పొర మాత్రం విడిపోయింది.

కారణం చెక్క నారలోనే ఉంది. చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఈ మార్పు నార పొడవునా దాదాపు ఉండదు, నారకు అడ్డంగా మాత్రం ఉంటుంది. పక్కపలకలో నార నిలువుగా ఉంది, గాడి వెడల్పు కూడా ఆ నిలువు కొలతే, కాబట్టి ఏ కాలంలోనైనా అది మారదు. మెట్టు మందం నారకు అడ్డ కొలత. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బెంగళూరు గాలి పొడిబారితే 20 మి.మీ. మెట్టు మిల్లీమీటరులో ఒక పదోవంతో రెండు పదోవంతులో పలచబడుతుంది. గాడి అలాగే ఉంటుంది. ఆ తేడాయే మెట్టును కిర్రుమనిపించింది. జూలై వానల్లో మళ్లీ చూస్తే కాగితం దూరలేదు, చప్పుడూ లేదు. ప్రతి ఏడూ ఇదే వరస.

మరి జిగురు ఆ మాత్రం ఎందుకు పట్టి ఉంచలేదు? తెల్ల జిగురు బలమంతా రెండు చెక్కల నారలూ పక్కపక్కన పడుకుని అంటుకున్నప్పుడే. నార కోసిన కొస అంటే గడ్డిమోపు కొస లాంటిది, జిగురును లోపలికి పీల్చేస్తుంది, అంటుకోవడానికి పైన ఏమీ మిగలదు. డాడో గాడిని ఈ దృష్టితో చూడండి. గాడి అడుగున పక్కపలక నార పొడవుగా పడుకుని ఉంది, దానికి తగిలేది మెట్టు కోత కొస. గాడి పై అంచు, కింది అంచు పక్కపలక కోత కొసలు, వాటికి తగిలేది మెట్టు పడుకున్న ముఖాలు. మూడు చోట్లా ఒకవైపు కొసే. ముందే ఒక పల్చటి పూత పూసి, అది పీల్చుకున్నాక రెండో పూత రాస్తే కొంత మేలు, అంతే. మెట్టు కింద అంటించిన పట్టీ చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అదే డబ్బాలో జిగురు, అదే రోజు అంటించింది, కానీ అక్కడ రెండు చెక్కల నారలూ ఒకే దిక్కు. ఇన్నేళ్లలో ఆ అతుకులో గోరు కూడా దిగలేదు.

కిర్రు శబ్దంతో ప్రమాదం లేదు. నాకు నిజంగా టెన్షన్ పెట్టింది స్క్రూ. ఆ మూలలోని ముందు స్క్రూను బిగిద్దామని తిప్పితే బిగుసుకోకుండా ఊరికే తిరిగింది. అది దిగింది కూడా మెట్టు కోత కొసలోకే. మర చుట్టూ ఉన్న నార ముక్కలు పొడిపొడిగా తెగిపోయి పట్టు పోయింది. స్టూలు మీద మనిషి పక్కకు వంగినప్పుడల్లా పక్కపలకలు రెండూ విచ్చుకోవాలని చూస్తాయి, వాటిని లోపలికి పట్టి ఉంచాల్సింది స్క్రూలే. అవన్నీ ఇలా పట్టు వదిలితే మెట్టు కొస గాడిలోంచి బయటికి జరుగుతుంది. 7 మి.మీ. జరిగితే మెట్టు కింద ఇక గాడి అంచే ఉండదు. అందుకని ఏ సందు అన్నది చూడాలి. మెట్టు పైన సన్నటి గీత కనిపిస్తే అది కాలం తెచ్చిన మార్పు. మెట్టు కొసకూ గాడి అడుగుకూ మధ్య సందు కనిపిస్తే స్టూలు వాడకం అప్పటికప్పుడు ఆపాలి.

పొడవాటి స్క్రూ వేద్దామనుకుంటూ ఉంటే, మా వీధిలో చెక్కపని చేసే మదనపల్లె మేస్త్రీ చూసి, "కొసలో స్క్రూ ఎంత పొడుగు వేసినా అంతే సార్. మెట్టు అడుగు నుంచి ఒక గట్టి కర్రమేకు దించండి, స్క్రూ దాన్ని పట్టుకుంటుంది" అన్నాడు. స్టూలును తలకిందులు చేసి, మెట్టు కొస నుంచి 25 మి.మీ. లోపలగా, పాత స్క్రూ దారిలోనే, 10 మి.మీ. రంధ్రం 16 మి.మీ. లోతుకు వేశాం. మెట్టు పై ముఖానికి ఇంకా 4 మి.మీ. మిగులుతుంది, పైకి ఏమీ కనపడదు. టేకు కర్రమేకు జిగురు రాసి దించి, ఒక రోజు ఆరనిచ్చి, స్క్రూ రంధ్రాన్ని మళ్లీ దాని గుండా సన్నగా డ్రిల్ చేశాం. ఈ కర్రమేకు నార నిలువుగా ఉంటుంది, స్క్రూ దాన్ని అడ్డంగా దూసుకుపోతుంది కాబట్టి మరకు మంచి పట్టు దొరుకుతుంది. చివరి చుట్టులో స్క్రూడ్రైవర్ చేతికి బరువుగా తగిలి ఆగింది. మిగతా ముందు స్క్రూలకూ, మధ్య స్క్రూలకూ అదే చేశాం. వెనక వాటి దగ్గర పట్టీ అడ్డం ఉంది, ఆ పట్టీ ఉండగా వాటికి అవసరమూ రాలేదు. ఆ తర్వాత ఏ స్క్రూ ఊరికే తిరగలేదు. వేసవి కిర్రు మాత్రం కొద్దిగా ఉంది, దాన్ని వదిలేశాను.

చేసుకోమని చెప్పొచ్చా అంటే, మా ఇంటి వరకు తప్పకుండా చెబుతాను. మాలో ఎవరూ 80 కిలోలు దాటరు, మా అత్తయ్య కింది మెట్టు దాటి ఎక్కరు, స్టూలు వంటింటి గడప దాటి బయటికి రాదు. అంతకన్నా బరువైనవాళ్లు పై మెట్టెక్కి పనిచేసే ఇల్లయితే 25 మి.మీ. చెక్క తీసుకుని, కర్రమేకులు మొదటే వేయండి. వానకు తడిసే బాల్కనీలో వాడతామంటే ఈ మామూలు తెల్ల జిగురు పనికిరాదు, నీటిని తట్టుకునే రకం కావాలి. 18 మి.మీ. ప్లైవుడ్‌తో చేసేవాళ్లకు జిగురు ఇంతకన్నా బాగా పట్టాలి, పొరలు ఒకటి విడిచి ఒకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి కొంత భాగమైనా నారకు నార తగులుతుంది. కానీ నేను తొక్కి చూసింది సిల్వర్ ఓక్‌నే.