డబ్బా మీద ‘వైఫై 6’ అని చూసి డాంగిల్ కొనేయకండి

డెస్క్‌టాప్‌కి వైఫై డాంగిల్ కొందామనుకుంటున్నవాళ్లు ముందు ఇది చదవండి. నాకు పోయింది కొన్ని వందల రూపాయలే. కానీ ఆ మూడు వారాలూ మా పాప ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగిపోయి, అది బిక్కమొహం వేసుకుని కూర్చున్నప్పుడల్లా నా మీద నాకే కోపం వచ్చేది.

మాది విజయవాడలో అపార్ట్‌మెంటు. రౌటర్ హాల్లో ఉంటుంది, కంప్యూటర్ లోపలి గదిలో. మధ్యలో రెండు గోడలు. ప్లాన్ 200 ఎంబీపీఎస్. ఆన్‌లైన్లో వెతికితే వేలిగోరంత డాంగిల్ కనబడింది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వైఫై 6, దాని కింద AX300. వైఫై 6 అంటే కొత్త రకం, 300 అంటే మా ప్లాన్ కన్నా ఎక్కువే కదా అని కొనేశాను.

పగలు 60 వచ్చేది. సాయంత్రం ఏడు దాటితే 20 కూడా గగనమే. అదే గదిలో, అదే టేబుల్ మీద ఫోన్ పెట్టి చూస్తే 170 వస్తోంది. అంటే రౌటర్ తప్పు కాదు, గోడల తప్పూ కాదు. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టాను:

```
netsh wlan show interfaces
```

అందులో Channel అన్న చోట 6 అని ఉంది. 1 నుంచి 13 లోపు అంకె ఉంటే 2.4 గిగాహెర్ట్జ్, 36 నుంచి పైన ఉంటే 5 గిగాహెర్ట్జ్ అని గుర్తు. రౌటర్‌లో 5 ఉన్నా ఇది దాన్ని పట్టుకోదు. అసలు సంగతి ఏమిటంటే AX300 రకం డాంగిళ్లు 2.4లో మాత్రమే పనిచేస్తాయి. వైఫై 6 ఆ బ్యాండులో కూడా ఉంటుంది కాబట్టి డబ్బా మీద రాసింది అబద్ధం కాదు. 2.4 ఒక్కటే అన్న ముక్క మాత్రం చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. పైగా ఆ 300 కూడా ఛానెల్‌కి 40 మెగాహెర్ట్జ్ వెడల్పు దొరికితేనే. చుట్టూ ఇరవై ఇళ్ల రౌటర్లు ఉన్నచోట సాధారణంగా 20 వెడల్పే దొరుకుతుంది, అప్పుడు లింకు వేగమే 143కి పడిపోతుంది. మన చేతికొచ్చేది అందులో సగం కూడా ఉండదు.

ఇంకో దెబ్బ నేను ఊహించనిది. బ్యాకప్ కోసం యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్‌ని డాంగిల్ పక్క పోర్టులోనే పెట్టేదాన్ని. కాపీ మొదలవగానే రౌటర్‌కి పింగ్, అంటే దాన్నుంచి జవాబు రావడానికి పట్టే సమయం, 3 మిల్లీసెకన్ల నుంచి 200 దాటేది. డిస్క్ తీస్తే మామూలే. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 మీదే పడుతుందని ఇంటెల్ 2012లోనే పత్రం రాసింది. మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ని దూరంగా పెడితే ఈ బాధ తగ్గింది. వేగం మాత్రం పెరగలేదు. అప్పటికే వాపసు గడువు దాటిపోయింది.

తర్వాత మా తమ్ముడు తన దగ్గరున్న, క్యాబినెట్ లోపల బిగించే పీసీఐఈ వైఫై కార్డు తెచ్చి పెట్టాడు. ఇంటెల్ AX210 చిప్, రెండు యాంటెన్నాలు. క్యాబినెట్ వెనక, గోడకు ఆనించి ఉన్నంతసేపు 90 దాటలేదు. వైరున్న యాంటెన్నా బేస్ తెచ్చి టేబుల్ మీద పెట్టాక 180 వచ్చింది. కార్డు కొనేవాళ్లు ముందు క్యాబినెట్ తెరిచి చూసుకోండి: చిన్న పీసీఐఈ స్లాట్ ఖాళీగా ఉందా, లావుపాటి గ్రాఫిక్స్ కార్డు దాన్ని మూసేసిందా అని. బ్లూటూత్ కావాలంటే కార్డుతో వచ్చే చిన్న వైరును మదర్‌బోర్డు మీది యూఎస్‌బీ హెడర్‌కి కూడా తగిలించాలి. అది మరిచిపోయి కార్డు చెడిపోయిందనుకునేవాళ్లు చాలామంది.

చివరికి నేను కేబులే లాగించాను. గుమ్మం అంచు వెంబడి 15 మీటర్ల క్యాట్ 6. మొదటిరోజు 94 దగ్గర ఆగిపోతే గుండె జారింది. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ దగ్గర Link speed చూస్తే 100/100 అని ఉంది. లోపలున్న ఎనిమిది తీగల్లో ఒకటి క్లిప్పులో సరిగా కూర్చోలేదు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, నాలుగుతో వందే వస్తుంది. క్లిప్పు మార్చాక 1000/1000 చూపించింది, 200కి 200 వస్తోంది, పింగ్ 1 దాటట్లేదు.

కేబుల్ లాగే వీలుంటే ఇంక వేరే ఆలోచన వద్దు. అద్దె ఇల్లు, గోడలు ముట్టుకోనివ్వరు అంటే కార్డు. క్యాబినెట్ తెరవలేని పరిస్థితి ఉంటేనే డాంగిల్. అది కూడా 5 గిగాహెర్ట్జ్, యూఎస్‌బీ 3 రెండూ ఉన్నాయని వివరాల్లో మీ కళ్లతో చూశాకే డబ్బు కట్టండి. ఇంటికి రాగానే పైన చెప్పిన కమాండ్ కొట్టి Channel చూడండి. 36 కన్నా తక్కువ ఉంటే కంప్యూటర్‌లోని వైఫై జాబితాలో మీ రౌటర్ 5 గిగాహెర్ట్జ్ పేరు ఎంచుకుని మళ్లీ చూడండి. అసలు ఆ పేరే జాబితాలో కనబడకపోతే, ఫోన్‌లో మాత్రం కనబడుతుంటే, అదే రోజు వాపసు పెట్టేయండి.