జనరేటర్ డీజిల్ లైన్‌లో వాటర్ సెపరేటర్: ఆరేళ్ళు వాడాక తేలింది

ముందు ఏ సెట్టుకి వాడామో చెప్పాలి. అపార్ట్‌మెంట్‌లోని 125 కేవీఏ జనరేటర్, ఆరు సిలిండర్లు, పాత పద్ధతి మెకానికల్ పంపు. పక్కన ఆరుబయట 990 లీటర్ల ఇనప ట్యాంకు. ఎక్కడ చూసినా ఈ 990 అంకే ఎందుకు కనిపిస్తుందంటే, ఒక్కో పాత్ర వెయ్యి లీటర్లు దాటకుండా, మొత్తం 2500 లీటర్లు మించకుండా ఉంటే డీజిల్ నిల్వకు పెట్రోలియం లైసెన్సు అక్కర్లేదు. ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య, అడుగున పారదర్శకమైన గిన్నె ఉన్న 30 మైక్రాన్ల వాటర్ సెపరేటర్ బిగించాం. ఇంజిన్ మీద కంపెనీ ఇచ్చిన ఫిల్టర్లు మామూలుగానే ఉన్నాయి.

సెపరేటర్ తన పని తాను బాగా చేస్తుంది. నీళ్ళు డీజిల్ కంటే బరువు. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములైతే నీళ్ళు కిలో. గిన్నెలోకి వచ్చాక వేగం తగ్గి, చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి అడుగుకి దిగుతాయి. కింద కాక్ తిప్పి తీసేయడమే. అయితే ఇది పట్టేది విడిగా ఉన్న నీళ్ళనే. డీజిల్‌లో కరిగిన తేమనీ, మజ్జిగలా చిలికినట్టు కలిసిపోయిన నీళ్ళనీ పట్టలేదు. అసలు ఇబ్బంది అది కూడా కాదు. గిన్నె పట్టేది పావు లీటరు. ట్యాంకు అడుగున దాక్కునేవి పదుల లీటర్లు. సెపరేటర్ పెట్టాం కదా అని ట్యాంకు వైపు చూడటం మానేస్తే ఏమవుతుందో మూడో ఏడాది వానాకాలంలో తెలిసింది.

మొదట కనిపించింది పొగ కాదు, ఫ్రీక్వెన్సీ మీటరు. లిఫ్టు, బోరు మోటారు ఒకేసారి అందుకోగానే 50 హెర్ట్జ్ నుంచి 46కి పడి, మెల్లగా పైకి లేచేది. ఫిల్టర్లు మారిస్తే రెండు రోజులు బాగుండేది. మళ్ళీ అదే. మూడోసారి డీజిల్ పోయించిన గంటలోనే ఇంజిన్ ఊగడం మొదలుపెట్టి, తెల్లటి పొగ వదులుతూ ఆగిపోయింది. ఈ ‘పోయించిన వెంటనే’ అన్నది పెద్ద ఆనవాలు. ట్యాంకు నుంచి ఇంజిన్‌కి వెళ్ళే పైపు అడుగుకి ఆనకుండా ఐదు సెంటీమీటర్లు పైన మొదలవుతుంది. దాని కింద ఉన్న నీళ్ళూ బురదా మామూలు రోజుల్లో కదలవు. పైనుంచి ధారగా డీజిల్ పడగానే లేస్తాయి. బంకులో పోసిన డీజిల్ మంచిది కాదని అందరూ అనేది ఇలాంటప్పుడే. చాలాసార్లు పాపం ఆ డీజిల్‌ది కాదు.

కొలవడానికి డిప్ రాడ్, నీటిని కనిపెట్టే పేస్టు చాలు. బంకుల్లో వాడేదే. రాడ్ చివర పది సెంటీమీటర్ల మేర పలచగా పూసి, నిలువుగా అడుగు తాకేలా దించి, అర నిమిషం ఉంచి తీయాలి. నీళ్ళు తగిలిన మేర రంగు మారుతుంది, మాది ఎర్రబడేది. ట్యాంకు ఏ వైపు వాలి ఉందో ఆ మూల దించాలి, మధ్యలో దించితే మోసపోతాం. ఆ రోజు ఎరుపు 22 మిల్లీమీటర్ల ఎత్తు వచ్చింది. ట్యాంకు అడుగు ఒకటిన్నర మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పు. అంటే ఒక్క మిల్లీమీటరుకి 1.65 లీటర్లు. లెక్క వేస్తే సుమారు 36 లీటర్ల నీళ్ళు. వాలు ఉంది కాబట్టి అసలు అంత ఉండవు. అయినా బిందెలకు బిందెలు.

ఇన్ని నీళ్ళు ఎక్కడివి? ‘సగం ఖాళీ ట్యాంకులో గాలి చల్లబడి తేమ చెమ్మగిల్లుతుంది’ అన్న జవాబు అందరి నోటా ఉంటుంది. అబద్ధం కాదు గానీ లెక్కకి నిలవదు. 500 లీటర్ల ఖాళీ ఉందనుకుందాం. పగటికీ రాత్రికీ పది డిగ్రీల తేడా వస్తే ఆ గాలి మూడు శాతం కుదించుకుంటుంది, బయటి నుంచి లోపలికి వచ్చేది పదిహేను లీటర్ల గాలి. వానాకాలపు గాలిలో ఘనమీటరుకి 30 గ్రాముల తేమ ఉన్నా, ఈ పదిహేను లీటర్లతో వచ్చేది అర గ్రాము కూడా కాదు. ఏడాది మొత్తానికీ గ్లాసు నీళ్ళు. డీజిల్‌తో వచ్చేదీ తక్కువే: మన ప్రమాణం కిలోకి 200 మిల్లీగ్రాముల వరకు నీటిని ఒప్పుకుంటుంది, అంటే వెయ్యి లీటర్లకి మహా అయితే 170 మిల్లీలీటర్లు. లీటర్ల లెక్కన నీళ్ళు కనిపిస్తే తేమని తిట్టుకోవడం మాని మూతలు చూడాలి.

మాకు జవాబు దొరికింది ట్యాంకులోకి గాలి వచ్చే వెంట్ పైపులో. మట్టి గూళ్ళు కట్టే కందిరీగ దాన్ని పూర్తిగా మూసేసింది. ఇంజిన్ డీజిల్ లాగుతున్న కొద్దీ లోపలికి గాలి రాక ట్యాంకు లోపల వ్యాక్యూమ్ ఏర్పడింది. పైరేకు ఆ లాగుడుకి మధ్యలో గుంటపడింది. వాన కురిస్తే ఆ గుంటలో, సరిగ్గా మ్యాన్‌హోల్ చుట్టూ, నీళ్ళు నిలిచేవి. గట్టిపడి పగిలిన రబ్బరు గ్యాస్కెట్ సందుల్లోంచి ట్యాంకే వాటిని తాగేసింది. ఇంజిన్ ఊగుతున్నప్పుడు డీజిల్ పోసే మూత వదులు చేసి చూడండి. ‘హుస్’మని గాలి లోపలికి పోయి, ఇంజిన్ కుదుటపడితే ముందు చూడాల్సింది వెంట్‌నే.

నీళ్ళు ఒక్కటే అయితే సెపరేటర్ ఎలాగో నెట్టుకొచ్చేది. ఫిల్టర్‌ని మూసింది బురద. మెకానిక్‌లు దీన్ని నాచు అంటారు. నాచుకి వెలుతురు కావాలి, చీకటి ట్యాంకులో అది బతకదు. ఇవి బూజులు, ఈస్టులు, బాక్టీరియా. వీటిలో బాగా పేరుమోసినది హార్మోకోనిస్ రెజినే అనే బూజు, విమానాల కిరోసిన్ ట్యాంకుల్లోనూ ఇదే తలనొప్పి. ఇవి ఉండేది నీళ్ళలో, తినేది డీజిల్‌ని. అందుకే నీటికీ డీజిల్‌కీ మధ్య గీత దగ్గర మీగడలా పేరుకుంటాయి. మన ఎండలకి ట్యాంకు లోపలి వేడి వాటికి హాయి. అవి వదిలే ఆమ్లాలు అడుగు రేకుని చిన్న చిన్న గుంటలుగా తినేస్తాయి.

మూసుకుపోయిన ఫిల్టర్‌ని కోసి చూస్తే దోషి ఎవరో తెలుస్తుంది. కాగితం మడతల మధ్య గోధుమ రంగు జిగురు, వేళ్ళతో పట్టి లాగితే చీమిడిలా సాగి, శుభ్రమైన డీజిల్‌లో కడిగినా కరగకుండా పీలికలుగా తేలితే అవి సూక్ష్మజీవులే. కుళ్ళిన గుడ్డు వాసన కూడా వస్తే గాలి లేకుండా బతికే బాక్టీరియా చేరాయని. నల్లగా, తారులా సమంగా పూసినట్టుంటే పాతబడి ఆక్సీకరణ చెందిన డీజిల్. ఎర్రని ఇసుకలాంటిది తగిలితే తుప్పు. మాకు మొదటిదీ మూడోదీ కలిసి దొరికాయి.

పొగ గురించి ఒక మాట. ఫిల్టర్ మూసుకుపోయినందువల్ల నల్ల పొగ రాదు. డీజిల్ తక్కువ అందితే బలం తగ్గుతుంది, అంతే. మూసుకుపోయిన ఫిల్టర్ వెనక ఫీడ్ పంపు గట్టిగా లాగుతుంది. అప్పుడు ఏ వదులు జాయింట్ ఉన్నా గాలి దూరుతుంది, ఇంజిన్ ఊగుతుంది, సరిగా మండని డీజిల్ తెల్లగా బయటికి వస్తుంది. నీళ్ళు ఇంజిన్ దాకా వెళ్తే ఆ తెలుపు ఇంకా ఎక్కువ. నల్ల పొగ వచ్చిందంటే కథ సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ దాకా వెళ్ళినట్టు. నీళ్ళకి నాజిల్‌లోని సూది తుప్పుపట్టి, సరిగా మూసుకోక, డీజిల్ తుంపరగా కాకుండా చుక్కలుగా కారుతుంది. మా ఆరు నాజిళ్ళలో రెండు టెస్టు బెంచి మీద కారుతూ కనిపించాయి. ట్యాంకు శుభ్రం చేశాక కూడా లోడులో నల్ల పొగ పోకపోవడానికి కారణం ఆ రెండే, మార్చాక పోయింది.

శుభ్రం చేసిన తీరు ఇది. ట్యాంకులో 600 లీటర్లున్నాయి. డ్రైన్‌కి ఎదురు వైపు జాకీ పెట్టి ఐదు సెంటీమీటర్లు లేపి, ఒక రాత్రి కదపకుండా వదిలేశాం. పొద్దున పైనుంచి 540 లీటర్లని 10 మైక్రాన్ల ఫిల్టర్ గుండా శుభ్రమైన డ్రమ్ముల్లోకి తోడాం. మిగిలిన అరవై డ్రైన్ నుంచి వచ్చాయి: ముందు టీ డికాషన్ రంగు నీళ్ళు, తర్వాత జావలాంటిది, చివర మసక డీజిల్. మ్యాన్‌హోల్‌లోంచి పొడవాటి రబ్బరు వైపర్‌తో గోడలూ అడుగూ గీకి, ఇరవై లీటర్ల డీజిల్‌తో రెండుసార్లు కడిగాం. కాటన్ వేస్ట్ వాడకూడదు, దాని నూలుపోగులే రేపు ఫిల్టర్‌లో తేలతాయి. ఆ మురికిని మురుగు కాలవలో పోయకూడదు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న పాత ఆయిలు కొనేవాళ్ళకి ఇచ్చాం.

తర్వాతే బయోసైడ్, అంటే ఆ సూక్ష్మజీవుల్ని చంపే మందు. ట్యాంకులో నీళ్ళుండగా వేస్తే మందు చాలావరకు ఆ నీళ్ళలోకే పోయి పలచబడుతుంది. లేబుల్ మీద రెండు మోతాదులుంటాయి, పట్టిన బురదకి పెద్దది, నివారణకి చిన్నది. డీజిల్ సగం పోశాక మందు వేసి, మిగతాది పోస్తే బాగా కలుస్తుంది. ఒక రోజంతా వదిలేయాలి. చర్మానికి మంచిది కాదు కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. ఇక్కడ చాలామంది తినే దెబ్బ ఒకటుంది: చచ్చిన బూజు మాయమైపోదు, పొరలుగా ఊడి ఫిల్టర్‌కే వస్తుంది. మా మొదటి ఫిల్టర్ మూడు గంటల్లో, రెండోది పదకొండు గంటల్లో, మూడోది నలభై గంటల్లో నిండాయి. నాలుగోది మామూలుగా నడిచింది. మందు వేసే ముందే నాలుగు ఫిల్టర్లు చేతిలో ఉండాలి. ‘నీటిని మాయం చేస్తుంది’ అని అమ్మే మందులు మాత్రం వద్దు. అవి నీళ్ళని డీజిల్‌లో చిలికి కలిపేస్తాయి, సెపరేటర్‌ని దాటించి నాజిల్‌కి చేరుస్తాయి. చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజిన్‌కైతే ఇంకా ప్రమాదం.

ఇక సెపరేటర్‌లో లోపాలు. ఎండ తగిలే చోట పెడితే గిన్నె నాలుగేళ్ళకి పసుపెక్కి, సన్నగా పగుళ్ళిచ్చింది. పీల్చే వైపు లైన్ కాబట్టి పగులు నుంచి డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే ఎవరికీ కనిపించదు. నీళ్ళు తీసేటప్పుడు ఇంజిన్ ఆపి తీరాలి, లేకపోతే కాక్ నుంచి గాలి లాగేసి, లైన్‌లోంచి ఆ గాలిని బ్లీడ్ చేసుకుంటూ కూర్చోవాలి. దానికి జతగా కొన్న వ్యాక్యూమ్ గేజి మాత్రం అన్నిటికంటే పనికొచ్చింది. కొత్త ఫిల్టర్‌తో పూర్తి లోడులో పాదరసం రెండు అంగుళాలు చూపిస్తుంది. ఏడుకి చేరితే మార్చేస్తున్నాం, లిఫ్టు ఆగేదాకా ఆగక్కర్లేదు.

ఇప్పుడు ట్యాంకులో ఎప్పుడూ 300 లీటర్లే ఉంచుతున్నాం. కరెంటు పోవడం తగ్గాక నిండా పోసిన డీజిల్ రెండేళ్ళు మురిగేది, ఇప్పుడు ఆరు నెలల్లో తిరిగిపోతోంది. వానాకాలంలో పదిహేను రోజులకోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి డ్రైన్ నుంచి లీటరు గాజు సీసాలోకి పట్టి పావుగంట నిలబెడతాం. అడుగున గీత కనిపిస్తే డీజిల్ తేటగా వచ్చేదాకా తీస్తాం. పైరేకు గుంట సరిచేయించి, గ్యాస్కెట్ మార్చి, వెంట్ మూతికి సన్న జాలీ కట్టించాం. ఆ జాలీ మీద కందిరీగలు మళ్ళీ రెండుసార్లు గూడు పెట్టాయి. పెన్సిల్‌తో పొడిస్తే రాలిపోయింది.